పోపుల డబ్బా కొలతలు, మెటీరియల్, ఫోటోలు: సప్లయర్‌కి ఉత్తరం ఎలా రాయాలి?

ప్రశ్న: చెన్నైలో ఉంటాను. షావుకారుపేటలో ఒక హోల్‌సేల్ ఆయన దగ్గర స్టీలు పోపుల డబ్బాలు తీసుకుని ఆన్‌లైన్లో అమ్ముదామనుకుంటున్నాను. సైజు, మెటీరియల్, ఫోటోలు పంపండి అంటే "12 నంబరు, ఫుడ్ గ్రేడ్, హెవీ" అని వాట్సాప్‌లో రాసి, ట్యూబ్‌లైటు కింద తీసిన రెండు ఫోటోలు పెట్టారు. ఆయన మనవాళ్లే, తెలుగు చదువుతారు. లిస్టింగ్‌కి కావలసినవన్నీ వచ్చేలా ఉత్తరం ఎలా రాయాలి?

సమాధానం:

నేను ఎనిమిదేళ్లుగా పెరంబూరు నుంచి స్టీలు సామాను ఆన్‌లైన్లో అమ్ముతున్నాను. మొదటి ఏడాది మీకు వచ్చినలాంటి జవాబులే నాకూ వచ్చేవి. ఆయన మీ దగ్గర ఏదో దాస్తున్నారని అనుకోకండి. ఆయన సరుకు కిలోల లెక్కన అమ్ముతారు. కొనేవాళ్లు కొట్టుకి వచ్చి, డబ్బా చేతిలోకి తీసుకుని, మూత తీసి చూసి తీసుకెళ్తారు. వాళ్లకు సెంటీమీటర్లతో పనిలేదు, నంబరు చెప్తే చాలు. ఆ 12 అన్నది అంగుళాలూ కాదు, సెంటీమీటర్లూ కాదు. ఆ తయారీదారు తన వరసలో పెట్టుకున్న నంబరు అంతే. ఇంకొకరి 12 నంబరు డబ్బా పక్కన పెట్టి చూడండి, తేడా కళ్లకే తెలుస్తుంది.

అందుకే ఉత్తరంలో "సైజు పంపండి" అని రాస్తే మళ్లీ నంబరే వస్తుంది. ఎక్కడినుంచి ఎక్కడికి కొలవాలో మీరే చెప్పాలి. ఇంకా మంచిదేమిటంటే, రెండు డబ్బాలు తెచ్చుకుని మీరే కొలిచి, ఆ అంకెలు ఉత్తరంలో రాసి, సరిచూసి చెప్పమనడం. ఖాళీ కాగితం ఇచ్చి నింపమంటే నెలయినా రాదు. తప్పు ఉంటే దిద్దమంటే మాత్రం సాయంత్రానికల్లా దిద్దుతారు. తన సరుకు గురించి తప్పుగా రాసి ఉంటే ఏ వ్యాపారీ ఊరుకోలేడు.

నాకు జరిగింది చెప్తాను. ఏడు గిన్నెల పోపుల డబ్బా ఒకటి పెట్టాను. సప్లయర్ ఫోన్లో "ఇరవై సెంటీమీటర్ల వెడల్పు, ఏడు ఎత్తు, గిన్నె ఒక్కోటి ఏడు సెంటీమీటర్లు, నూటయాభై ఎం.ఎల్. పడుతుంది" అన్నారు. అలాగే రాసేశాను. రెండు వారాల్లో డబ్బాలు తిరిగి రావడం మొదలైంది. ఒకావిడ తన వంటింటి సొరుగు లోపలి ఎత్తు కొలిచి ఫోటో పంపారు. సొరుగు ఎనిమిది సెంటీమీటర్లు ఉంది. డబ్బా పెట్టి మూస్తే మూత పైనున్న పిడి తగిలి సొరుగు పడటం లేదు. స్కేలు పట్టుకుని కూర్చుని కొలిస్తే అప్పుడు తెలిసింది. మూత పెట్టాక ఎత్తు 6.8 సెం.మీ., పిడితో కలిపి 8.6. ఇరవై అన్నది మూత బయటి అంచు. డబ్బా లోపలి వెడల్పు 18.9 మాత్రమే.

ఆ రోజే ఇంకో సంగతి తట్టింది. ఏడు గిన్నెల డబ్బాలో మధ్యన ఒకటి, చుట్టూ ఆరు ఉంటాయి. డబ్బా మధ్యగా గీత గీస్తే ఆ గీత మీద సరిగ్గా మూడు గిన్నెలు వస్తాయి. కాబట్టి డబ్బా లోపలి వెడల్పు గిన్నె అంచు వెడల్పుకి కనీసం మూడు రెట్లు ఉండాలి. ఏడు సెం.మీ. గిన్నెలు పట్టాలంటే 21 కావాలి. మూత బయటి అంచే 20 అయినప్పుడు లోపల 21 ఎక్కడినుంచి వస్తుంది? నిజంగా కొలిస్తే గిన్నె 6.2 ఉంది. మూడు రెట్లు 18.6, డబ్బా లోపల 18.9. మిగిలిన మూడు మిల్లీమీటర్లు గిన్నెలు పైకి తీయడానికి ఉండే వదులు. ఈ లెక్క ముందే వేసుకుని ఉంటే ఫోన్ పెట్టేలోపే తప్పు దొరికేది. ఎవరు ఏ అంకె ఇచ్చినా ఇలా ఒకదానితో ఒకటి సరిపోతాయో లేదో చూడండి.

గిన్నెలో ఎంత పడుతుందన్నది కూడా చెప్పింది విని రాయకండి. వంటింటి తూకం మీద గిన్నె పెట్టి, సున్నా చేసి, అంచుదాకా నీళ్లు పోయండి. గ్రాములు ఎన్నో ఎం.ఎల్. అన్నే. నా గిన్నె పైన 6.0, అడుగున 5.4, లోతు 4.7 సెం.మీ. నీళ్లు పోస్తే 120 గ్రాములు తూగింది. నూటయాభై అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. కొలవడానికి బట్టల టేపు కాకుండా స్టీలు స్కేలు వాడండి. బయటి వెడల్పు స్కేలుతో కచ్చితంగా రాదనిపిస్తే, అంచు చుట్టూ దారం చుట్టి, ఆ పొడవును 3.14తో భాగించండి. దారం 62.8 వచ్చిందంటే వెడల్పు 20. లోపలి వెడల్పుకి స్కేలు ఒక కొస అంచుకి ఆనించి, రెండో కొసను అటూ ఇటూ జరపండి. ఎక్కువలో ఎక్కువ వచ్చిన అంకె తీసుకోండి.

ఇక మెటీరియల్. "ఫుడ్ గ్రేడ్" అన్న మాటతో లిస్టింగ్‌లో ఏమీ రాయలేం, ఎందుకంటే అది గ్రేడు పేరు కాదు. పోపుల డబ్బాల్లో ఎక్కువగా కనపడేవి 304, 202. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి, ఆ లోటుకు మాంగనీసు కలుపుతారు, అందుకే అది చవక. 202 అమ్మడం తప్పు కాదు, 202 అని రాసి అమ్మాలి. మన సముద్రపు గాలికి, అందులోనూ ఉప్పు వేసిన గిన్నెలో తడి చెంచా పడితే, 202 మీద చిన్న చిన్న తుప్పు చుక్కలు 304 కన్నా త్వరగా వస్తాయి. 304 అనుకుని కొన్నవాళ్లు ఆ చుక్కల ఫోటో పెట్టి రివ్యూ రాస్తే మీ దగ్గర జవాబు ఉండదు.

అయస్కాంతం పెట్టి "అంటుకోవడం లేదు, కాబట్టి 304" అంటారు చాలామంది. 202 కూడా అంటుకోదు. అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే అది 304 కాదని తెలుస్తుంది, అంతవరకే దాని పని. వంపుల దగ్గర, అంచు మడతల దగ్గర కొద్దిగా లాగినా కంగారు పడకండి, రేకును వంచి సాగదీసిన చోట 304 కూడా కాస్త లాగుతుంది. స్టీలు వ్యాపారుల్లో కొందరి దగ్గర ఒక పరీక్ష ద్రావకం ఉంటుంది. చుక్క వేసి చిన్న బ్యాటరీ తాకిస్తే, మాంగనీసు ఎక్కువున్న రేకు మీద చుక్క ఎర్రబడుతుంది. దాంతో 202ను 304 నుంచి విడదీయవచ్చు. కానీ ఎర్రబడలేదు కాబట్టి 304 అని సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు. రాతపూర్వకంగా కావాలంటే ఆయన రేకు కొన్న బిల్లు మీద గ్రేడు ఉంటుంది, మిల్లు ఇచ్చిన టెస్ట్ సర్టిఫికెట్ ఉంటుంది, ఆ కాపీ అడగండి. డబ్బా ఒక గ్రేడు, గిన్నెలు ఇంకో గ్రేడు అయ్యే అవకాశం ఉంది కాబట్టి విడివిడిగా అడగాలి. ఇది నేను ఎప్పుడూ వదలను.

"హెవీ" అన్న మాటకు బదులు గేజ్ అడగండి. గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పలచన అవుతుంది. 24 గేజ్ అంటే సుమారు 0.56 మి.మీ., 26 గేజ్ అంటే సుమారు 0.46. ఇది గుర్తుంచుకోండి, చివర మళ్లీ పనికొస్తుంది.

ఫోటోల విషయంలో స్టీలుతో ఒక చిక్కుంది. అది అద్దం లాంటిది. ట్యూబ్‌లైటు, ఫోను, తీసే మనిషి, వెనకున్న గోనెసంచి అన్నీ డబ్బా మీద కనిపిస్తాయి. అమెజాన్‌లో ప్రధాన ఫోటోకి వెనక పూర్తి తెలుపు ఉండాలి, వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి, జూమ్ పనిచేయాలంటే పొడవు వైపు కనీసం 1000 పిక్సెళ్లు ఉండాలి. తెలుపు మీద స్టీలు పెడితే అంచులు కలిసిపోయి డబ్బా ఆకారమే పోతుంది. కొట్టులో పనిచేసే అబ్బాయి ఆ తిప్పలు పడి మంచి ఫోటో తీస్తాడని ఆశించకండి. ప్రధాన ఫోటో మీరే తీసుకోండి. పగటి వెలుగు పడే కిటికీకి పలచని తెల్ల పంచె కట్టి, డబ్బాకి అటూ ఇటూ, ఫ్రేములో పడకుండా, నల్ల చార్టు ముక్కలు నిలబెట్టండి. ఆ నలుపు అంచుల వెంట సన్నని గీతలా ప్రతిఫలించి డబ్బా ఆకారాన్ని నిలబెడుతుంది.

సప్లయర్ నుంచి అడగాల్సినవి మీరు తీయలేని ఫోటోలు. అడుగున ముద్ర, కార్టన్ మీద లేబుల్, ఆయన దగ్గరున్న వేరే లాట్ డబ్బా మూత తెరిచి పైనుంచి, స్కేలు పక్కన నిలబెట్టి పక్కనుంచి. పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమని చెప్పాలి. ఫోటోగా పంపితే అది కుదించేస్తుంది, ముద్ర మీది అక్షరాలు చదవడానికి ఉండవు.

ఇక ఉత్తరం. నేను పంపేది దాదాపు ఇలాగే ఉంటుంది. అంకెలు నా డబ్బావి, మీవి మీరు మార్చుకోండి. దీనితోపాటు డబ్బాను పక్కనుంచి చూసినట్టు పెన్నుతో ఒక బొమ్మ గీసి, ఏ కొలత ఎక్కడిదో బాణం గుర్తులు పెట్టి 1 నుంచి 7 దాకా అంకెలు వేయండి. బొమ్మ అందంగా ఉండనక్కర్లేదు.

"… గారికి నమస్కారం.

మీ 12 నంబరు పోపుల డబ్బాను (ఏడు గిన్నెలు, స్టీలు మూత, పైన పిడి) ఆన్‌లైన్లో పెట్టబోతున్నాను. కొన్నవాళ్లు చేత్తో పట్టుకుని చూడలేరు కాబట్టి రాసిన అంకె తేడా వస్తే సరుకు తిరిగి వస్తుంది, ఆ నష్టం మనిద్దరికీ. మీ దగ్గర తీసుకున్న రెండు డబ్బాలను కొలిచి కింద రాశాను. దయచేసి గోడౌన్‌లో వేరే లాట్ నుంచి మూడు డబ్బాలు తీయించి, ఈ అంకెలతో సరిచూసి, తేడా ఉన్నచోట పక్కన మీ అంకె రాయండి. సరిగ్గా ఉంటే టిక్కు పెట్టండి చాలు. బొమ్మ జత చేశాను.

1. మూత బయటి అంచు వెడల్పు: 20.0 సెం.మీ.
2. డబ్బా లోపలి వెడల్పు, నోటి దగ్గర: 18.9 సెం.మీ.
3. మూత పెట్టాక ఎత్తు, పిడి లేకుండా: 6.8 సెం.మీ.
4. పిడి పైదాకా ఎత్తు: 8.6 సెం.మీ.
5. గిన్నె అంచు వెడల్పు: 6.2 సెం.మీ.
6. గిన్నె లోపలి లోతు: 4.7 సెం.మీ.
7. గిన్నెలో అంచుదాకా నీళ్లు: 120 ఎం.ఎల్.

గిన్నెలు, చెంచాతో కలిపి డబ్బా బరువు 730 గ్రాములు వచ్చింది. ఒక లాట్‌కీ ఇంకో లాట్‌కీ కొలతల్లో ఎన్ని మిల్లీమీటర్లు, బరువులో ఎన్ని గ్రాములు తేడా రావచ్చో కూడా చెప్పండి.

మెటీరియల్: డబ్బా ఏ గ్రేడు? మూత ఏ గ్రేడు? గిన్నెలు, చెంచా ఏ గ్రేడు? డబ్బా రేకు ఎంత గేజ్? రేకు కొన్న బిల్లు గానీ, మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ గానీ కాపీ పంపండి. ధరలు కనపడకుండా మూసేసి పంపినా ఫర్వాలేదు. 202 అయితే 202 అనే రాస్తాను, దానికి ఇబ్బంది లేదు. ఐఎస్ఐ మార్కు లైసెన్సు ఉంటే, ఐఎస్ 14756 కింద ఉన్న సీఎం/ఎల్ నంబరు రాయండి.

లేబుల్ మీద ఉండేది, అలాగే రాసి పంపండి: తయారీదారు పేరు, పూర్తి చిరునామా, ఎక్కడ తయారైంది, ఎం.ఆర్.పి., ప్యాకింగ్‌లో ఏమేం ఎన్నెన్ని ఉన్నాయి, కస్టమర్ ఫోన్ చేయాల్సిన నంబరు.

ఒక్క డబ్బా పెట్టే కార్టన్ బయటి కొలతలు, కార్టన్‌తో సహా బరువు.

ఫోటోలు నాలుగు, పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా: మూత తెరిచి నిటారుగా పైనుంచి, స్కేలు నిలబెట్టి పక్కనుంచి, అడుగున ముద్ర దగ్గరగా, కార్టన్ మీద లేబుల్. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి.

ఇంకొక్క మాట. రేకు గ్రేడు, గేజ్, గిన్నె అచ్చు, పిడి, వీటిలో ఏది మారినా సరుకు పంపే ముందే నాకు చెప్పండి. చెప్పకుండా వచ్చిన మార్పు సరుకు వెనక్కి తీసుకోవాల్సి ఉంటుంది.

వచ్చే శనివారానికల్లా పంపితే సోమవారం లిస్టింగ్ పెట్టి, మొదటి ఆర్డరు 60 డబ్బాలు చెప్తాను. శుక్రవారం మధ్యాహ్నం నేనే కొట్టుకి వస్తాను, మీ అబ్బాయి చేత డబ్బాలు తీయించి పెడితే అక్కడే కొలిచేద్దాం.

ఇట్లు,
(పేరు, షాపు పేరు, ఫోన్)"

లేబుల్ వివరాలు అడగడానికి కారణం లీగల్ మెట్రాలజీ వాళ్ల ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్, 2011. ప్యాక్ మీద ఉండాల్సిన ముఖ్యమైన వివరాలు ఆన్‌లైన్ పేజీలోనూ కనిపించాలి. ఫోన్లో విని రాస్తే చిరునామాలో తలుపు నంబరు తప్పు పడుతుంది, అందుకే లేబుల్ ఫోటో కూడా.

కార్టన్ కొలతలను చాలామంది పట్టించుకోరు. చాలా కొరియర్ల లెక్కలో పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేది, అసలు బరువు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బులు. నా డబ్బా కార్టన్‌తో 880 గ్రాములే. కార్టన్ 22, 22, 11. గుణిస్తే 5324, భాగిస్తే 1.06 కిలోలు. అర కిలోల లెక్కన వసూలు చేసేవాళ్లయితే అది కిలోన్నర కింద పడుతుంది. పిడి పైన ఖాళీ ఎక్కువగా ఉందని గమనించి ఎత్తు 10కి తగ్గించమన్నాను. 4840, అంటే 0.97 కిలోలు, కిలో లోపలికి వచ్చేసింది. సప్లయర్‌కి అదనపు ఖర్చు కూడా లేదు, కార్టన్ వాడికి ఒక అంకె మార్చి చెప్పాలి, అంతే.

ఉత్తరంలో గట్టిగా ఉండాల్సింది ఆ "ఇంకొక్క మాట" పేరాయే. దాన్ని మెత్తబరచకండి. మిగతాదంతా మర్యాదగా, ఆయన పని తేలికయ్యేలా ఉండాలి. చివర ఆర్డరు అంకె, తేదీ రాయడం కూడా అవసరమే, ఎందుకంటే ఈ పని చేస్తే ఏం వస్తుందో ఆయనకీ కనపడాలి. శుక్రవారం నిజంగానే వెళ్లండి. సాయంత్రం కొట్టు రద్దీగా ఉంటుంది, మధ్యాహ్నం భోజనాల తర్వాత వెళ్తే తీరిగ్గా మాట్లాడతారు. స్కేలు, చిన్న తూకం మీవే పట్టుకెళ్లండి. జవాబు నోటితో చెప్తే అక్కడే రాసుకుని, ఆ కాగితం ఫోటో ఆయనకే వాట్సాప్‌లో పంపి "సరేనా అండీ?" అని అడగండి. ఆయన "సరే" అన్న ఆ ఒక్క మెసేజీ తర్వాత చాలా పనికొస్తుంది.

వచ్చిన ఫోటోలకు ఆ రోజే పేర్లు మార్చి పెట్టుకోండి. నేను డబ్బా కోడు, లాట్ నెల, ఏ ఫోటో అన్నది ఈ వరసలో పెడతాను:

```
PD12-7_2406_base-stamp.jpg
PD12-7_2406_open-top.jpg
```

ఇలా ఉంటే ఆరు నెలల తర్వాత కొత్త లాట్ ఫోటో పక్కన పాతది పెట్టి చూడటం తేలిక.

కొత్త లాట్ వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక డబ్బా తీసి, ముందు తూకం మీద పెట్టండి. కొలతలన్నీ మళ్లీ తీసే ఓపిక లేకపోయినా బరువు ఒక్కటి చూడండి. నా మూడో లాట్ చూడటానికి అచ్చం పాతలాగే ఉంది. మెరుపు అదే, ముద్ర అదే, గిన్నెలు అవే. తూకం మీద 652 గ్రాములు. 730 ఎక్కడ, 652 ఎక్కడ? డబ్బాకీ మూతకీ కలిపి రేకు సుమారు వెయ్యి చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. 24 గేజ్ బదులు 26 వాడితే మందం 0.1 మి.మీ. తగ్గి, దగ్గరదగ్గర 80 గ్రాములు పోతుంది. లెక్క సరిగ్గా అక్కడికే వచ్చింది. ఫోన్ చేసి "రేకు మారిందా అండీ?" అని అడిగితే, 24 దొరక్క 26తో చేయించామని ఒప్పుకున్నారు. ఉత్తరంలోని "ఇంకొక్క మాట" పేరా చదివి వినిపించాను. ఆయన వాదించలేదు. సగం సరుకు వెనక్కి తీసుకున్నారు. మిగతా సగాన్ని తక్కువ ధరకి, వేరే కోడుతో, 26 గేజ్, 650 గ్రాములు అని రాసి విడిగా పెట్టాను.